మూడు షిఫ్టుల నుంచి రెండు షిఫ్టులకు మారాం: ఓటీ, గైర్హాజరు, హ్యాండోవర్ తప్పులు తగ్గాయని రాయొచ్చా?

కిరణ్_పీ2

అందరికీ నమస్కారం. మా ప్లాంటు రాత్రింబవళ్లు నడుస్తుంది. నాలుగు బ్యాచులు, బ్యాచికి పది మంది. ఇదివరకు ఎనిమిది గంటల షిఫ్టులు మూడు ఉండేవి. ఇప్పుడు పన్నెండు గంటల షిఫ్టులు రెండు, నాలుగు రోజులు డ్యూటీ, నాలుగు రోజులు ఆఫ్. సగటున మనిషికి వారానికి 42 గంటలు. అది అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

మార్పుకు ముందు 12 వారాలు, మార్పు తర్వాత 12 వారాలు తీసి పక్కపక్కన పెట్టాను.

ఓటీ: 1,310 గంటలు ఉండేది, 890 అయింది.
గైర్హాజరు: 126 రోజులు ఉండేది, 92 అయింది.
హ్యాండోవర్ తప్పులు: 31 ఉండేవి, 24 అయ్యాయి.

మూడూ తగ్గాయి. వచ్చే వారం మేనేజ్‌మెంటుకు రిపోర్టు ఇవ్వాలి. "మార్పు పనిచేసింది" అని రాస్తే ఎవరైనా ఎక్కడైనా పట్టుకునే అవకాశం ఉందా?

సుధీర్_వీ

పన్నెండు గంటలు ఎవరికైనా ఎక్కువేనండీ. వరసగా నాలుగు రాత్రులు చేస్తే నిద్ర పాడవుతుంది. రెండు పగళ్లు, రెండు రాత్రులు అని మార్చి చూడండి.

కిరణ్_పీ2

సుధీర్ గారూ, ఏ షిఫ్టు మంచిదన్నది కాదు నా ప్రశ్న. మారిపోయాం. ఆ మార్పు ఫలించిందో లేదో లెక్కల్లో ఎలా తేల్చాలన్నదే అడుగుతున్నాను.

శ్రీలత_రోస్టర్

కిరణ్ గారూ, ముందు గైర్హాజరు చూద్దాం, ఎందుకంటే మీ మూడింటిలో తేలిగ్గా బోల్తా కొట్టించేది అదే.

మీరు రోజుల్లో లెక్కపెట్టారు. ఎనిమిది గంటల పద్ధతిలో మనిషి వారానికి సగటున 5.25 సార్లు డ్యూటీకి రావాలి. పన్నెండు గంటల పద్ధతిలో 3.5 సార్లు వస్తే చాలు. రావాల్సిన రోజులే మూడో వంతు తగ్గిపోయాయి. మనుషుల అలవాటు ఇసుమంత మారకపోయినా 126 రోజులు 84 కావాలి. మీకు 92 వచ్చింది. అంటే తగ్గాల్సినంత తగ్గలేదు.

గంటల్లోకి మార్చండి. ముందు 126 ఎనిమిదులు 1,008 గంటలు. తర్వాత 92 పన్నెండులు 1,104 గంటలు. పోయిన గంటలు పెరిగాయి.

హ్యాండోవర్ తప్పులదీ ఇలాంటి చిక్కే. 84 రోజుల్లో ముందు 252 హ్యాండోవర్లు, ఇప్పుడు 168. దీని గురించి తర్వాత మాట్లాడదాం. రెండు విషయాలు చెప్పండి: ఆ 24 వారాల్లో ఖాళీ పోస్టులు ఎన్ని, ఏ వారాల్లో? ఓటీ వారం వారం ఎలా ఉంది?

రఘు_స్టాట్స్

నూరు హ్యాండోవర్లకు తప్పులు 12.3 నుంచి 14.3కి పెరిగాయి. గైర్హాజరు గంటలూ పెరిగాయి. అంటే మూడింటిలో రెండు చెడ్డాయి. మార్పు విఫలమైందనే రాయాలి. కావాలంటే టీ-టెస్టు చేసి చూసుకోండి.

శ్రీలత_రోస్టర్

రఘు గారూ, భాగహారం సరైనదే, తీర్పే తొందరపాటు. 31కీ 24కీ తేడా ఏడు. ఇలాంటి అరుదైన ఘటనల లెక్కలో రెండింటి మొత్తానికి వర్గమూలం తీస్తే మామూలు ఊగిసలాట ఎంతో తెలుస్తుంది. 55కి వర్గమూలం 7.4. తేడా దానికి కనీసం రెండింతలైనా ఉంటేనే మాట్లాడాలి. ఇక్కడ ఒక్కింత కూడా లేదు. నూటికి 12.3, 14.3 అన్నదీ అంతే, తేడా ఊగిసలాటలో కలిసిపోతుంది. పెరిగిందనీ చెప్పలేం, తగ్గిందనీ చెప్పలేం.

ఇక దేనికి భాగించాలన్నది మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. రోజుకు ప్లాంటు ఎన్ని తప్పుల ముప్పులో ఉందో కావాలంటే రోజులతో భాగించాలి. ఒక్కో హ్యాండోవర్ ఎంత శ్రద్ధగా జరుగుతోందో కావాలంటే హ్యాండోవర్ల సంఖ్యతో భాగించాలి. హ్యాండోవర్లు తగ్గించడమే ఈ మార్పు ఉద్దేశాల్లో ఒకటైతే, రోజుకు లెక్కపెట్టడం అన్యాయమేమీ కాదు. నన్నడిగితే రిపోర్టులో రెండూ ఇవ్వాలి.

టీ-టెస్టు గురించి ఒక్క మాట. అది వారాలన్నీ ఒకే తీరువి అనుకుంటుంది. మార్పుకు ముందటి వారాలు నిజంగా ఒకే తీరుగా ఉన్నాయా అన్నదే నా మొదటి అనుమానం.

కిరణ్_పీ2

వారం వారీ ఓటీ ఇదిగో.

ముందు: 88, 102, 95, 79, 110, 98, 91, 105, 121, 146, 139, 136
తర్వాత: 97, 92, 84, 70, 74, 66, 71, 68, 63, 72, 65, 68

ఖాళీలు: మొదటి ఎనిమిది వారాలు ఒక్క పోస్టు ఖాళీ. తొమ్మిదో వారం మొదట్లో ముగ్గురు ఒకేసారి మానేశారు, నాలుగు ఖాళీలయ్యాయి. షిఫ్టు మార్చాలన్న నిర్ణయం ఆ గొడవలోంచే పుట్టింది. మార్పు మొదలయ్యే రోజుకి కొత్తవాళ్లు ముగ్గురు చేరారు. అప్పటినుంచీ ఒక్కటే ఖాళీ.

గైర్హాజరు మొదటి ఎనిమిది వారాల్లో 84 రోజులు, తర్వాతి నాలుగు వారాల్లో 42 రోజులు.

శ్రీలత_రోస్టర్

అసలు చిక్కు ఇక్కడుంది. మీ "ముందు" 12 వారాల్లో ఆఖరి నాలుగు వారాలు మామూలువి కావు. పరిస్థితి బాగా చెడినప్పుడే మార్పు చేస్తాం. ఆ చెడ్డ వారాలను "ముందు"లో కలిపితే, ఏం చేసినా చేయకపోయినా తర్వాత తగ్గినట్టే కనిపిస్తుంది. మీ విషయంలో మనుషులు చేరారు కాబట్టి ఓటీ ఎలాగూ దిగేది.

కాబట్టి ఒక్క ఖాళీ ఉన్న ఎనిమిది వారాలను, ఒక్క ఖాళీ ఉన్న 12 వారాలతో పోల్చండి. మొదటి ఎనిమిది వారాల సగటు 96. తర్వాత సగటు 74. వారానికి 22 గంటలు తగ్గింది. మీరు మొదట చెప్పిన లెక్కన వారానికి 35 తగ్గినట్టుంది. మిగతా 13 ఆ నాలుగు చెడ్డ వారాల పుణ్యం.

ఈ 22 ఊగిసలాటేనా అని చూడటానికి వారాలను గ్రాఫుమీద పెట్టండి. స్ప్రెడ్‌షీటులో B నిలువులో ఓటీ, C నిలువులో ముందు వారంతో తేడా పెట్టుకుంటే ఇంత చాలు:

```
C3: =ABS(B3-B2)
పై గీత:   =AVERAGE(B2:B9)+2.66*AVERAGE(C3:C9)
కింది గీత: =AVERAGE(B2:B9)-2.66*AVERAGE(C3:C9)
```

మొదటి ఎనిమిది వారాలకు పై గీత 134 దగ్గర, కింది గీత 58 దగ్గర వస్తాయి. మీ 146, 139, 136 మూడూ పై గీత దాటాయి. అవి వేరే కథ అని గ్రాఫే చెబుతోంది. మార్పు తర్వాత ఏ వారమూ కింది గీత దాటలేదు. కానీ 92 మొదలుకొని వరసగా పదకొండు వారాలు సగటు గీత కిందే ఉన్నాయి. ఎనిమిది వరసగా ఒకే పక్కన పడితేనే ఏదో నిజంగా మారిందంటారు. కాబట్టి ఓటీ నిజంగానే దిగింది. ఎనిమిది వారాల పునాది చిన్నదే. అంతకు ముందటి వారాలు కూడా దొరికితే కలపండి, ఒక్క ఖాళీ ఉన్నవైతేనే.

మూర్తి_టైమాఫీసు

రెండు ప్రశ్నలు కిరణ్ గారూ. ఒకటి, ఈ ఓటీ పేరోల్ నుంచి తీశారా, మస్టర్ నుంచి తీశారా? పేరోల్లో చాలాచోట్ల డబ్బు ఇచ్చిన తేదీ ఉంటుంది, పని చేసిన తేదీ ఉండదు. మార్పుకు ముందు చేసిన ఓటీ మార్పు తర్వాతి వారాల్లో పడుతుంది. మీ 97, 92, 84 వారాలు అలా పెరిగినవేమో.

రెండు, హ్యాండోవర్ కోసం పావుగంట ముందు వచ్చేదాన్ని ఓటీగా రాస్తున్నారా? బ్యాచి పది మందికీ రాస్తే, మూడు షిఫ్టులప్పుడు వారానికి 52.5 గంటలు, రెండు షిఫ్టులకు 35. అంటే వారానికి 17.5 గంటలు గడియారం వల్లే తగ్గుతాయి. మీరు చెబుతున్న 22లో ముప్పాతిక పైన అదే అవుతుంది.

కిరణ్_పీ2

మస్టర్ నుంచే తీశాను సార్, పని చేసిన తేదీల ప్రకారం. రోస్టర్లో ఉన్న షిఫ్టు గంటలు దాటినవీ, ఆఫ్ రోజున వచ్చినవీ మాత్రమే లెక్కపెట్టాను. పావుగంట సంగతి మాత్రం ఖచ్చితంగా తెలియదు. షిఫ్టు ఇన్‌చార్జిలకు మాత్రమే రాస్తారనుకుంటున్నాను. కనుక్కుంటాను.

శ్రీలత_రోస్టర్

మూర్తి గారి ప్రశ్న చాలా విలువైనది. దానికి సమాధానం ఇంకో దారిలో కూడా దొరకొచ్చు.

ఓటీ ఎందుకు చేయిస్తాం? మనిషి లేని చోటు పూడ్చడానికి. అయితే ఎన్ని గంటల చోటు ఖాళీ అయిందో, అందులో ఎంత పూడ్చారో వేరువేరుగా లెక్కకట్టండి.

మొదటి ఎనిమిది వారాల్లో ఖాళీ పోస్టు వల్ల వారానికి 42 గంటలు, గైర్హాజరు వల్ల 84 గంటలు, మొత్తం 126. ఓటీ 96. పూడ్చనివి 30 గంటలు.

మార్పు తర్వాత ఖాళీ పోస్టు 42, గైర్హాజరు 92, మొత్తం 134. ఓటీ 74. పూడ్చనివి 60 గంటలు.

ఓటీ తగ్గింది, కానీ అవసరం తగ్గి కాదు, చోటు పూడ్చక. నా అనుమానం చెబుతాను. ఎనిమిది గంటల షిఫ్టులో ఒకరు రాకపోతే వెళ్లిపోయేవాడు నాలుగు గంటలు ఆగుతాడు, వచ్చేవాడు నాలుగు గంటలు ముందు వస్తాడు. ఫోన్ కూడా అక్కర్లేదు, ఇద్దరూ అక్కడికక్కడే మాట్లాడుకుంటారు. పన్నెండు గంటలు చేసినవాణ్ణి ఇంకో నాలుగు గంటలు ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆఫ్‌లో ఉన్నవాణ్ణి పిలవాలి. నాలుగు రోజుల ఆఫ్‌లో ఉన్నవాడు ఊళ్లో ఉంటాడన్న నమ్మకం లేదు. దాంతో తొమ్మిది మందితోనే నడిపేస్తారు.

ఇది నిజమా కాదా అన్నది మస్టర్ చెబుతుంది. పది మంది కంటే తక్కువతో నడిచిన షిఫ్టులు లెక్కపెట్టండి. మొదటి ఎనిమిది వారాల్లో 168 షిఫ్టులు, తర్వాతి 12 వారాల్లో కూడా 168 షిఫ్టులు. కలిసొచ్చింది, నేరుగా పోల్చొచ్చు.

వార్డు_అరుణ

మా వార్డులోనూ పన్నెండు గంటలకు మారినప్పుడు ఓటీ తగ్గిందని సంబరపడ్డారు. సిస్టర్లు ఒకరు తక్కువగా నడిపిన డ్యూటీలు ఎవరూ రాయలేదు. అప్పటినుంచి ఓటీ పక్కనే "తక్కువ మందితో నడిచిన డ్యూటీలు" అని ఇంకో గడి పెట్టాం. ఒకటి లేకుండా రెండోది చూపించనివ్వం.

హ్యాండోవర్ గురించి కూడా అడగాలి. మార్పుతోపాటు కొత్త హ్యాండోవర్ ఫారం ఏమైనా పెట్టారా? మాకు ఫారం వచ్చాక తప్పులు పెరిగాయి. నిజానికి పెరగలేదు, ఫారంలో గడి ఉంది కాబట్టి ఇదివరకు ఎవరూ పట్టించుకోనివి ఇప్పుడు కనిపించాయి.

కిరణ్_పీ2

శ్రీలత మేడమ్, రాత్రి కూర్చుని మస్టర్ లెక్కపెట్టాను. మొదటి ఎనిమిది వారాల్లో 29 షిఫ్టులు తక్కువ మందితో నడిచాయి. తర్వాత 57 షిఫ్టులు. ప్రతిసారీ ఒక్కరే తక్కువ.

అరుణ గారూ, అవును, కొత్త ఫారం మార్పు మొదలైన రోజునే పెట్టాం.

శ్రీలత_రోస్టర్

29 ఎనిమిదులు 232 గంటలు, ఎనిమిది వారాలకు పంచితే వారానికి 29. లెక్కలో వచ్చింది 30. తర్వాత 57 పన్నెండులు 684, వారానికి 57. లెక్కలో వచ్చింది 60. మస్టరూ గంటల లెక్కా ఒకదానికొకటి సరిపోయాయి. పావుగంటలు అందరికీ ఓటీగా రాసి ఉంటే ఇవి ఇంత దగ్గరగా రావు. కాబట్టి మీ ఓటీ దాదాపు అంతా చోటు పూడ్చినదే.

ఇప్పుడు ఓటీ గురించి మీరు నిజాయితీగా రాయగలిగింది ఇది: వారానికి 22 గంటలు తగ్గింది, అదే సమయంలో పూడ్చని గంటలు 30 నుంచి 60కి పెరిగాయి. తొమ్మిది మందితో నడవడం ప్లాంటుకు ఫర్వాలేదా అన్నది ఓటీ లెక్క తేల్చలేదు. ఉత్పత్తి, లైను ఆగిన నిమిషాలు, వాయిదా పడ్డ మెయింటెనెన్సు పనులు ఆ 57 షిఫ్టుల్లో ఎలా ఉన్నాయో, పది మంది ఉన్న 111 షిఫ్టుల్లో ఎలా ఉన్నాయో చూడాలి. ఒకవేళ తేడా లేదంటే తొమ్మిది మందే చాలునన్న మాట వస్తుంది. అది వేరే నిర్ణయం, షిఫ్టు మార్పు గొప్పతనం మాత్రం కాదు.

ఫారం విషయంలో అరుణ గారితో ఏకీభవిస్తాను. రెండు మార్పులు ఒకే రోజు జరిగాయి, తప్పుల లెక్కలో వాటిని విడదీయడం కుదరదు. చేయగలిగిందొకటి ఉంది. ఫారంతో సంబంధం లేకుండా బయటపడే తప్పులు మాత్రం తీయండి. మూయని పర్మిట్, బైపాస్‌లో వదిలేసిన అలారం, తప్పు సెట్టింగుతో నడిచిన యంత్రం. ఇవి కంట్రోలు సిస్టమ్‌లోనూ పర్మిట్ రిజిస్టర్‌లోనూ ముందూ తర్వాతా ఒకేలా నమోదవుతాయి. సంఖ్య తక్కువే వస్తుంది, కానీ కొలబద్ద మారదు.

రఘు_స్టాట్స్

గైర్హాజరు మాటేమిటి మరి? వారానికి 84 నుంచి 92 గంటలు. రోస్టర్లో ఉన్నవాళ్ల 1,638 గంటల్లో 5.1 శాతం నుంచి 5.6 శాతం. అది పెరిగినట్టే కదా.

శ్రీలత_రోస్టర్

39 మందిలో ఒక్కరు మంచాన పడితే అంత తేడా వస్తుంది. కిరణ్ గారూ, పేర్లు వద్దు, వరసగా రెండు వారాలు దాటి రానివాళ్లు ఎవరైనా ఉన్నారా?

కిరణ్_పీ2

ఒకరున్నారు మేడమ్. సర్జరీ అయి ఐదు వారాలు రాలేదు. మార్పు తర్వాతే. ముందు ఎనిమిది వారాల్లో అలాంటివారు లేరు.

శ్రీలత_రోస్టర్

ఐదు వారాలు అంటే 210 గంటలు. 1,104 నుంచి తీస్తే 894 మిగులుతాయి. 4.6 శాతం దగ్గర వస్తుంది. ఒక్క మనిషిని కలిపితే పెరిగింది, తీసేస్తే తగ్గింది. ఇంత చిన్న గుంపులో దీర్ఘ సెలవులను విడిగా చూపించి, మిగతావాటికి గంటలతోపాటు ఎన్ని విడతలు రాలేదో కూడా ఇవ్వాలి. మూడు రోజులు వరసగా రాకపోతే అది ఒక విడత. షిఫ్టు నచ్చక, అలసిపోయి మానేయడం ఎక్కువగా చిన్న చిన్న విడతల్లోనే కనిపిస్తుంది. సర్జరీకి షిఫ్టుతో పనిలేదు.

అయినా ఓటీ లెక్కలో మాత్రం ఆ 210 గంటలు ఉంచండి. ఆ చోటు ఖాళీగా ఉన్న మాట నిజం.

మూర్తి_టైమాఫీసు

విడతలు లెక్కపెట్టేటప్పుడు మధ్యలో వచ్చే ఆఫ్ రోజులు చూసుకోండి. నాలుగు రోజుల ఆఫ్‌కు ముందు ఒకరోజు, తర్వాత ఒకరోజు రాకపోతే అవి రెండు విడతలా, ఒకటా? ముందూ తర్వాతా ఒకే నియమం పెట్టండి. మేము ఒకటిగానే లెక్కపెడతాం.

వార్డు_అరుణ

హ్యాండోవర్ తప్పుల గురించి ఇంకో మాట. మొత్తం ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ పడ్డాయన్నది చూడండి కిరణ్ గారూ. నాలుగు రోజులు ఇంట్లో ఉండి వచ్చినవాడికి నిన్నటి సంగతి చెప్పడం వేరు, నాలుగు రోజుల్లో మారిందంతా చెప్పడం వేరు. అప్పగించేవాడు తన పన్నెండు గంటల్లో జరిగిందే చెబుతాడు. రెండు రోజుల కిందట మార్చిన సెట్టింగు వాడికి పాత సంగతి, వచ్చినవాడికి కొత్తది.

కిరణ్_పీ2

చూశాను. 24 తప్పుల్లో 11, డ్యూటీలోకి వచ్చే బ్యాచికి ఆఫ్ తర్వాత మొదటి షిఫ్టు అయినప్పుడే జరిగాయి.

శ్రీలత_రోస్టర్

నాలుగు షిఫ్టుల్లో ఒకటే మొదటిది కాబట్టి సమానంగా పడితే ఆరు రావాలి. 11 రావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు, సంఖ్య చిన్నదైనా నేనైతే వదలను. పైగా ఈ పోలిక మొత్తం మార్పు తర్వాతి వారాల్లోనే, ఒకే ఫారంతో జరిగింది. ఫారం మారిందన్న అభ్యంతరం దీనికి వర్తించదు.

ఆ పదకొండూ తీసి ఒక్కొక్కటి చదవండి. పోయిన సమాచారం ఆ షిఫ్టులో పుట్టిందా, అంతకు ముందు మూడు రోజుల్లో పుట్టిందా అని పక్కన రాయండి. ఎక్కువ పాతవే అయితే ఫారంలో "గత నాలుగు రోజుల్లో మారి, ఇంకా అలాగే ఉన్నవి" అని ఒక గడి చేర్చి, మొదటి షిఫ్టుకు మాత్రమే నింపించండి. ఆ గడి పెట్టిన తేదీ రాసిపెట్టుకోండి, అది మూడో మార్పు అవుతుంది.

రఘు_స్టాట్స్

మార్చని సెక్షన్ ఏదైనా ఉందా? ఉంటే అదే 24 వారాల్లో దాని ఓటీ, గైర్హాజరు కూడా పెట్టండి. సీజన్ వల్ల తగ్గిందా అన్నది లేకపోతే తేలదు.

కిరణ్_పీ2

యుటిలిటీస్ సెక్షన్ పాత మూడు షిఫ్టుల్లోనే ఉంది, కానీ పన్నెండు మందే. వాళ్ల మస్టర్ అడిగాను. పన్నెండు మందితో పోలిక నిలబడుతుందా?

శ్రీలత_రోస్టర్

శాతం మీద నమ్మకం పెట్టుకోవద్దు, ఒక్కరు జ్వరంతో పడుకుంటే తలకిందులవుతుంది. వారాల గ్రాఫు మీ గ్రాఫు కింద పెట్టి, ఇద్దరిదీ ఒకే వారంలో దిగిందా అని మాత్రం చూడండి. నిరుటి ఇవే వారాల మస్టర్ దొరికితే అది ఇంకా మేలు.

మూర్తి_టైమాఫీసు

నిరుటి మస్టర్ తీసేటప్పుడు అప్పటి ఖాళీ పోస్టులు కూడా రాసుకోండి. అది లేకుండా తెస్తే మళ్లీ ఇక్కడికే వస్తారు.